సూరత్ వజ్రాల బిడ్డు: ధర చూపకుండా చెప్పడం, చెప్పాక మార్చలేకపోవడం

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ రంగ సంస్థ ఎన్ఎండీసీకి మధ్యప్రదేశ్‌లోని పన్నా దగ్గర వజ్రాల గని ఉంది. అక్కడ తీసిన 8,337 క్యారెట్ల ముడి వజ్రాలను ఆ సంస్థ ఒకసారి అమ్మకానికి పెట్టింది. గని మధ్యప్రదేశ్‌లో, సంస్థ తెలంగాణలో ఉన్నా ఈ-వేలం జరిగింది మాత్రం గుజరాత్‌లోని సూరత్‌లో. కారణం తేలికే. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో సుమారు తొమ్మిది భారతదేశంలోనే, అందులోనూ ఎక్కువ భాగం సూరత్ కార్ఖానాల్లోనే తయారవుతాయని లెక్క. కొనేవాళ్లు అక్కడే ఉన్నారు కాబట్టి రాళ్లు అక్కడికే వెళతాయి.

ముడి వజ్రాల అమ్మకంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతుల్లో సీల్డ్ బిడ్ ఒకటి. వ్యాపారులు ముందుగా వచ్చి రాళ్లు చూసుకుంటారు. ఎవరి ధర వాళ్లు విడిగా, రహస్యంగా ఇస్తారు. గడువు ముగిశాక అన్నీ ఒకేసారి తెరుస్తారు. ఎక్కువ ధర ఇచ్చినవారికి సరుకు దక్కుతుంది. వినడానికి సులువుగా ఉన్న ఈ ఏర్పాటు రెండు షరతుల మీద నిలబడి ఉంది. గడువు దాకా ఎవరి ధరా బయటకు పొక్కకూడదు. గడువు దాటాక ఎవరూ తమ ధర మార్చుకోకూడదు. కాగితపు కవర్ల రోజుల్లో ఈ రెండింటికీ లక్క సీలే దిక్కు. కంప్యూటర్ల కాలంలో ఆ సీలు పనిని లెక్కలతో చేయించే పద్ధతి పేరు కమిట్‌మెంట్ స్కీమ్.

రాయి ధర ఎందుకు రహస్యం?

బంగారానికి రోజువారీ రేటు ఉంటుంది. ముడి వజ్రానికి అలాంటిది లేదు. మట్టి రంగులో, వంకర టింకరగా ఉన్న రాయి లోపల మచ్చ ఎక్కడుంది, పగులు ఎటు పోయింది, దాన్ని ఒక పెద్ద రాయిగా కోయాలా, రెండు చిన్నవిగా కోయాలా అన్నది నిపుణుడు చూసి తేల్చాలి. సానపట్టాక ముడి రాయి బరువులో సగం కూడా మిగలని సందర్భాలే ఎక్కువ. అందుకే ఒకే లాటును ఇద్దరు అనుభవజ్ఞులు చూసినా ఇద్దరి అంచనాలూ కలవవు. బిడ్డులో వేసే అంకె వెనక ఆ పరిశీలన అంతా ఉంటుంది. అంకె లీకైతే ఆ శ్రమ ఫలం మొత్తం పోటీదారుడి చేతికి చేరినట్టే.

ఒక ఊహాత్మక లాటును తీసుకుందాం. దాని నంబరు 14, బరువు 1,000 క్యారెట్లు. ఏడో నంబరు బిడ్డరు క్యారెట్‌కు 612 డాలర్లు రాశాడు. తర్వాతి అత్యధిక బిడ్డు 580. ఇక్కడ మోసం రెండు రకాలుగా జరగొచ్చు.

మొదటిది, తెరవకముందే 612 అన్న అంకె ఎవరికైనా తెలియడం. అప్పుడు వాళ్లు 613 వేస్తారు. 6,12,000 డాలర్ల సరుకు మరో 1,000 డాలర్ల తేడాతో చేయి మారిపోతుంది. కష్టపడి రాయి చూసినవాడు ఒకడు, తీసుకుపోయేవాడు ఇంకొకడు.

రెండోది, తెరిచాక ఏడో నంబరు బిడ్డరే తన అంకె మార్చుకోగలగడం. తర్వాతి బిడ్డు 580 అని తెలిశాక అతడు 612ను 581గా చూపిస్తే సరుకు అతడికే దక్కుతుంది, పైగా 31,000 డాలర్లు మిగులుతాయి. ఈసారి నష్టం అమ్మేవాడిది.

మొదటి మోసాన్ని ఆపే గుణాన్ని గోప్యత అందాం, రెండోదాన్ని ఆపే గుణాన్ని కట్టుబాటు అందాం. కమిట్‌మెంట్ స్కీమ్‌కు ఈ రెండూ ఉండాలి. ఒకటే ఉంటే చాలదు. 17వ శతాబ్దంలో సూరత్ రేవు మీదుగా వచ్చి దక్కన్ గనుల్లో వజ్రాలు కొన్న ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడి బేరసారాలను వర్ణించాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు పట్టుకుని, నోరు మెదపకుండా ధర మాట్లాడుకునేవారట. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద. చుట్టూ ఎంతమంది ఉన్నా అంకె ఎవరికీ తెలియదు. అంటే గోప్యత ఉంది. కానీ తర్వాత ఒకరు ‘నేను అంత అనలేదు’ అంటే చూపించడానికి గుడ్డ కింద ఆనవాలేమీ ఉండదు. కట్టుబాటు మాత్రం మనుషుల మాట మీద, మార్కెట్‌లో పరువు మీద ఆధారపడింది.

ఫోన్‌లో బొమ్మా బొరుసూ

ఈ సమస్యను కంప్యూటర్ శాస్త్రంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు మాన్యుయెల్ బ్లమ్. 1981లో ఆయన రాసిన ఒక పత్రంలో ఓ చిన్న చిక్కుముడి ఉంది. విడాకులు తీసుకుని వేర్వేరు ఊళ్లలో ఉంటున్న ఇద్దరు, కారు ఎవరిదో ఫోన్‌లో నాణెం ఎగరేసి తేల్చుకోవాలనుకుంటారు. ఒకరు బొమ్మ అంటారు. నాణెం ఎగరేసిన రెండోవారు ‘బొరుసు పడింది’ అంటే నమ్మేదెలా?

దారి ఇది. మొదటివారు తమ ఎంపికను ముందుగా ‘కవరులో పెట్టి’ పంపాలి. రెండోవారు నాణెం ఫలితం చెప్పాలి. ఆ తర్వాత కవరు తెరవాలి. కవరు తెరవకుండా లోపలిది కనిపించకూడదు, పంపాక లోపలిది మారకూడదు. అలాంటి కవరును అంకెలతో తయారుచేయగలిగితే ఫోన్‌లో నాణెమూ ఎగరేయొచ్చు, సూరత్‌లో బిడ్డూ వేయొచ్చు.

హ్యాష్‌తో కవరు చేయడం

ఇప్పుడు ఎక్కువగా వాడే కవరు హ్యాష్ ఫంక్షన్. ఎంత పొడవైన సమాచారం ఇచ్చినా అది ఒక నిర్ణీత పొడవున్న ముద్రను తిరిగిస్తుంది. SHA-256 అనే ఫంక్షన్ అయితే ఆ ముద్రలో 64 అక్షరాలుంటాయి. ఒకే సమాచారానికి ఎప్పుడూ ఒకే ముద్ర వస్తుంది. సమాచారంలో ఒక్క అక్షరం మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ముద్రను చూసి వెనక్కి సమాచారాన్ని లెక్కగట్టే అడ్డదారి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

దీన్ని చూడగానే ఎవరికైనా తట్టే ఆలోచన, 612 అన్న అంకె ముద్రను గడువులోగా అందరికీ పంపి, గడువు తర్వాత 612 అని చెప్పేస్తే సరిపోతుందని. ఎవరైనా 612 ముద్రను మళ్లీ లెక్కగట్టి సరిపోల్చుకోవచ్చు. కానీ ఇది నిమిషం కూడా నిలవని కవరు. ముద్ర నుంచి వెనక్కి వెళ్లలేకపోవచ్చు, ముందుకు మాత్రం ఎవరైనా వెళ్లగలరు. ఈ లాటు ధర 100 నుంచి 2,000 డాలర్ల మధ్యే ఉంటుందని బజారులో అందరికీ తెలుసు. పోటీదారుడు ఆ 1,901 అంకెల ముద్రలూ వరుసగా లెక్కగట్టి, ఏది సరిపోలిందో చూస్తే చాలు. అందుకు ఇంత కోడ్ సరిపోతుంది:

```
import hashlib
for p in range(100, 2001):
    if hashlib.sha256(str(p).encode()).hexdigest() == c:
        print(p)
```

ఇక్కడ `c` అంటే ఏడో నంబరు బిడ్డరు పంపిన ముద్ర. మామూలు ల్యాప్‌టాప్‌లో ఈ పని పూర్తవడానికి రెప్పపాటు కాలం కూడా పట్టదు. ధరను సెంట్లతో సహా రాసినా ఊహించాల్సిన అంకెలు రెండు లక్షలు దాటవు. బలహీనత హ్యాష్‌లో లేదు. దాచిన విషయానికి ఉన్న అవకాశాలే తక్కువ. ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు, పరీక్ష మార్కులు వంటివి హ్యాష్ చేసి ‘దాచాం’ అనుకునే ప్రతిచోటా ఇదే తప్పు జరుగుతుంది.

విరుగుడు ఏమిటంటే, ధర పక్కన ఎవరూ ఊహించలేని పెద్ద రహస్య సంఖ్యను చేర్చి, రెండింటికీ కలిపి ముద్ర తీయడం. ఆ సంఖ్యను మనిషి తన బుర్రలోంచి తీయకూడదు. ఇంటి నంబరో, పెళ్లి రోజో ఊహకు అందుతుంది. కంప్యూటర్‌తోనే యాదృచ్ఛికంగా పుట్టించాలి. పూర్తి బిడ్డు ఇలా తయారవుతుంది:

```
R=$(openssl rand -hex 32)
printf '%s' "LOT14|B07|612|$R" | sha256sum
```

మొదటి వరుస 64 అక్షరాల రహస్య సంఖ్యను పుట్టిస్తుంది. దానికి ఉన్న అవకాశాలను దశాంశ పద్ధతిలో రాస్తే 78 అంకెల సంఖ్య వస్తుంది. రెండో వరుస లాటు నంబరు, బిడ్డరు నంబరు, ధర, రహస్య సంఖ్య అన్నిటికీ కలిపి ముద్ర తీస్తుంది. గడువులోగా బిడ్డరు బయటపెట్టేది ఆ ముద్ర ఒక్కటే. పోటీదారుడు ఇప్పుడు 1,901 ధరల్లో ప్రతిదానికీ 78 అంకెలన్ని అవకాశాలు పరీక్షించాలి. అది ఎవరి వల్లా కాదు.

తెరిచే రోజున బిడ్డరు ధరనూ రహస్య సంఖ్యనూ బయటపెడతాడు. అమ్మేవాడే కాదు, ఓడిన బిడ్డర్లు కూడా అదే వరుసను తమ కంప్యూటర్‌లో నడిపి, పాత ముద్రతో సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

ఆచరణలో ఈ దశలోనే గొడవలొస్తాయి. 612 అని హ్యాష్ చేసి 612.00 అని తెరిస్తే ముద్ర కలవదు. చివర ఒక ఖాళీ చోటు ఎక్కువైనా కలవదు. అందుకే టెండరు ప్రకటనలోనే రాసే విధానాన్ని అక్షరం పొల్లుపోకుండా నిర్ణయించాలి. భాగాల మధ్య నిలువు గీతలు పెట్టడం కూడా అలంకారం కోసం కాదు. అవి లేకపోతే బిడ్డరు నంబరు, ధర కలిసిపోయి `B07612` అవుతుంది. దాన్ని ఏడో నంబరు బిడ్డరు 612 వేశాడనీ చదవొచ్చు, 76వ నంబరు బిడ్డరు 12 వేశాడనీ చదవొచ్చు. ఒకే కవరుకు రెండు అర్థాలు వస్తే కట్టుబాటు అక్కడే తెగిపోయింది.

కట్టుబాటు తెగితే ఎలా ఉంటుంది?

హ్యాష్ మీద కట్టుబాటు నిలబడాలంటే ఒకే ముద్రనిచ్చే రెండు వేర్వేరు సమాచారాలు ఎవరికీ దొరకకూడదు. అలాంటివి ఉండవని కాదు. ముద్రల సంఖ్యకు హద్దు ఉంది, సమాచారానికి లేదు కాబట్టి ఎక్కడో ఉండే తీరతాయి. వాటిని వెతికి పట్టుకోవడం అసాధ్యంగా ఉండాలి, అంతే.

ఆ అసాధ్యం సాధ్యమైతే ఏమవుతుందో 2007 నవంబరులో ముగ్గురు పరిశోధకులు చేసి చూపించారు. మార్క్ స్టీవెన్స్, అర్యెన్ లెన్‌స్ట్రా, బెన్నె డె వేఖర్ కలిసి 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే తెలుసంటూ ఒక ముద్రను ప్రకటించారు. గెలిచేది ఎవరో ఎన్నికల తర్వాత వెల్లడిస్తామన్నారు. చూడటానికి ఇది అచ్చమైన కమిట్‌మెంట్. అసలు సంగతి ఏమిటంటే, వాళ్లు 12 పీడీఎఫ్ పత్రాలు తయారుచేశారు. ఒక్కోదాంట్లో ఒక్కో పేరు ఉంది, అన్నిటి ముద్రా ఒకటే. ఎవరు గెలిచినా ఆ పేరున్న పత్రాన్ని చూపించి ‘మేం ముందే చెప్పాం’ అనొచ్చు. ఆ పనికి వాడింది సోనీ ప్లేస్టేషన్ 3 గేమింగ్ యంత్రాన్ని. లక్ష్యం MD5 అనే పాత హ్యాష్ ఫంక్షన్. దాని లోపం 2004 నుంచే తెలిసినా అప్పటికీ చాలాచోట్ల వాడుతూనే ఉన్నారు.

దీన్ని వజ్రాల బిడ్డుకు అన్వయిస్తే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. MD5తో కవరు చేసుకోమన్న టెండరులో ఒక తెలివైన బిడ్డరు 612కూ 581కీ ఒకే ముద్ర వచ్చేలా రెండు పత్రాలు ముందే తయారుచేసుకోగలడు. మిగతావాళ్ల ధరలు చూశాక తనకు లాభమైనదాన్ని తెరుస్తాడు. ఎవరు సరిచూసినా ముద్ర కచ్చితంగా కలుస్తుంది. SHA-256 మీద ఇలాంటి దాడి ఇప్పటిదాకా ఎవరూ చేసి చూపలేదు. అంచేత ఏ హ్యాష్ వాడాలన్నది కంప్యూటరువాళ్లకు వదిలేయాల్సిన చిన్న విషయం కాదు. బిడ్డు విలువ మొత్తం దానిమీదే నిలబడి ఉంది.

ఇక్కడే ఈ రంగానికి పునాది లాంటి ఒక పరిమితి కనిపిస్తుంది. గోప్యత, కట్టుబాటు రెండూ నూటికి నూరు పాళ్లు సంపూర్ణంగా ఉన్న కమిట్‌మెంట్‌ను తయారుచేయడం కుదరదు. కారణం తర్కంలోనే ఉంది. అనంతమైన కంప్యూటర్ శక్తి ఉన్నవాడికి కూడా కవరు లోపలిది తెలియకూడదంటే, ఆ కవరు 612కూ సరిపోవాలి, 581కీ సరిపోవాలి. అలా రెండింటికీ సరిపోయే కవరును అదే అనంత శక్తి ఉన్న బిడ్డరు రెండు రకాలుగానూ తెరవగలడు. ఒకటి సంపూర్ణమైతే రెండోది ‘ఇప్పటి కంప్యూటర్లతో అసాధ్యం’ అనే స్థాయిలోనే ఉంటుంది. ఏది సంపూర్ణంగా కావాలో పనిని బట్టి ఎంచుకోవాలి.

కవరు తెరవకుండానే కాపీ

గోప్యత ఉంది, కట్టుబాటు ఉంది, అయినా మోసం జరిగే దారి మరొకటి ఉంది. పదకొండో నంబరు బిడ్డరు రాళ్లను సరిగా చూడనే లేదు. ఏడో నంబరు బిడ్డరు మంచి లెక్కగాడని మాత్రం అతడికి తెలుసు. అతడి ముద్రనే మక్కీకి మక్కీ కాపీ చేసి తనదిగా పంపేశాడు. లోపల ఎంత ఉందో అతడికి తెలియదు, తెలియనక్కర్లేదు. తెరిచే రోజున ఏడో నంబరు తన ధర, రహస్య సంఖ్య చెప్పగానే అవే తనవని చెబుతాడు. ముద్ర కలుస్తుంది. సొంత పరిశీలన లేకుండానే ఉత్తమ బిడ్డుతో సమానమైపోయాడు.

పై కోడ్‌లో `B07` చేర్చింది ఇందుకే. ముద్ర లోపల ఏడో నంబరు పేరు ఉంది కాబట్టి పదకొండో నంబరు దాన్ని తనదిగా తెరవలేడు. లాటు నంబరు చేర్చడం వల్ల 14వ లాటు కవరును 15వ లాటు కోసం వాడటమూ కుదరదు.

ఈ జాగ్రత్త కొన్ని పద్ధతుల్లో మరింత అవసరం. 1991లో టార్బెన్ పెడర్సన్ ప్రతిపాదించిన కమిట్‌మెంట్‌లో ధర m, రహస్య సంఖ్య r అయితే కవరు ఇలా ఉంటుంది:

```
C = g^m · h^r
```

ఇందులో g, h అందరికీ తెలిసిన సంఖ్యలు. లెక్క అంతా ఒక పెద్ద ప్రధాన సంఖ్యతో భాగించగా వచ్చే శేషాల్లో జరుగుతుంది. దీనిలో గోప్యత సంపూర్ణం. కట్టుబాటు మాత్రం g, h మధ్య ఉన్న సంబంధం ఎవరికీ తెలియకపోవడం మీద ఆధారపడుతుంది. ఈ కవర్లను తెరవకుండానే కూడికలు చేయొచ్చు కాబట్టి మొత్తాల లెక్కలకు ఇది బాగా పనికొస్తుంది. వేలంలో మాత్రం ఆ సుగుణమే శాపం. పోటీదారుడు C ను g తో గుణిస్తే, లోపల ఉన్న ధరకు సరిగ్గా ఒకటి కలిసిన కొత్త కవరు తయారవుతుంది. 612 అని తెలియకుండానే 613 వేసేశాడన్నమాట. అసలు బిడ్డరు తన r చెప్పగానే అదే r తో తన కవరు తెరుస్తాడు. దీన్ని ఆపాలంటే, కవరు వేసేటప్పుడే ‘లోపల ఏముందో నాకు తెలుసు’ అని ధర చెప్పకుండా రుజువు చేయమని ప్రతి బిడ్డరునూ అడగాలి. అలాంటి రుజువులకు వేరే గణిత పద్ధతులున్నాయి.

తెరవనంటే ఏం చేయాలి?

లెక్కలు ఆపలేని మోసం ఒకటుంది. అది కవరును తెరవడానికి రాకపోవడం. ఒక వ్యాపారి తనవాళ్ల పేర్లతో రెండు బిడ్డులు వేస్తాడు. ఒకటి 612, రెండోది 585. మిగతావాళ్లందరూ తెరిచాక అత్యధికం 580 అని తేలితే, 612 కవరు వేసిన మనిషి కనిపించకుండా పోతాడు. ‘రహస్య సంఖ్య పోయింది’ అంటాడు. 585 తెరుచుకుంటుంది, సరుకు 27,000 డాలర్లు తక్కువకు వస్తుంది. కట్టుబాటు అంటే వేరే అంకె చూపించలేకపోవడం మాత్రమే. అసలేదీ చూపించకపోవడాన్ని అది ఆపదు. నిజంగా రహస్య సంఖ్య పోగొట్టుకున్నవాడికీ, నటించేవాడికీ తేడా చెప్పే మార్గమూ లేదు.

టెండర్ల ప్రపంచానికి దీని మందు ఎప్పటినుంచో తెలుసు. అదే ధరావత్తు. కవరు తెరవనివారి ధరావత్తు జప్తు చేస్తారు. అయితే ఆ మొత్తం ఎంత ఉండాలన్నది ఇక్కడ లెక్క చూసి నిర్ణయించాలి. కవరు తెరవకపోవడం వల్ల మిగిలేదాని కంటే పోయేది ఎక్కువగా ఉండాలి. పై ఉదాహరణలో 10,000 డాలర్ల ధరావత్తు పెడితే ఆ వ్యాపారి దాన్ని నవ్వుతూ వదులుకుంటాడు. ఇంకా 17,000 అతడి జేబులోనే ఉంటాయి.

రెండో మందు, తెరిచే పనిని బిడ్డరు చేతిలోంచి తీసేయడం. మన దేశంలోని ప్రభుత్వ ఈ-టెండర్లలో కనిపించేది ఈ దారే. బిడ్డును సాంకేతికంగా ఎన్‌క్రిప్ట్ చేస్తారు. దాన్ని విప్పే తాళంచెవులు టెండరు తెరిచే అధికారుల డిజిటల్ సంతకాలతో ముడిపడి ఉంటాయి. గడువు దాటాక వాళ్లు లాగిన్ అయి తెరుస్తారు. బిడ్డరు మళ్లీ రానక్కర్లేదు కాబట్టి కనిపించకుండా పోవడమనే మోసానికి చోటు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను మొదలుపెట్టింది. టెండరు పెట్టె దగ్గర మనుషులను కాపలా పెట్టి పోటీ కాంట్రాక్టర్లను లోపలికి రానివ్వకపోవడం వంటి బాగోతాలకు దానితో అడ్డుకట్ట పడింది.

కానీ ఈ మార్పుతో నమ్మకం పెట్టాల్సిన చోటు కూడా మారింది. హ్యాష్ కవరును గడువుకు ముందు బిడ్డరు తప్ప ఎవరూ తెరవలేరు. ఎన్‌క్రిప్ట్ చేసిన కవరును మాత్రం తాళంచెవులున్నవాళ్లు కుమ్మక్కైతే ముందే తెరవగలరు. సర్వరు మీద అధికారం ఉన్నవాళ్లు లోపలి ఫైలునే మార్చే ప్రమాదమూ ఉంది. 2018లో మధ్యప్రదేశ్‌లో బయటపడిన ఈ-టెండర్ల వ్యవహారంలో ఆరోపణల సారం అదే. కొన్ని ప్రభుత్వ పనుల టెండర్లలో మిగతావారి ధరలు చూసి, తమకు కావాల్సినవారి బిడ్డును అందరికంటే తక్కువకు వచ్చేలా మార్చారన్నది అభియోగం. పనుల టెండర్లలో తక్కువ వేసినవారే గెలుస్తారు కాబట్టి మార్పు కిందికి. 2019 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం కేసు నమోదు చేసింది. ఎవరి బాధ్యత ఎంతన్నది న్యాయస్థానాల పరిధిలోని విషయం. సాంకేతికంగా మాత్రం ఆ ఆరోపణలో పైన చెప్పుకున్న రెండు గుణాలూ ఒకేసారి పోయాయి. ధర ముందే కనిపించింది, తర్వాత మారింది.

ఇలాంటి మార్పును పట్టుకునే ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ లేదు. గడువు ముగిసిన మరుక్షణం, అందిన ప్రతి ఎన్‌క్రిప్టెడ్ బిడ్డు ముద్రను పాల్గొన్న అందరికీ పంపేయాలి. ఇరవై మంది బిడ్డర్లుంటే ఇరవై ముద్రలు, మొత్తం ఒక పేజీ కూడా కాదు. ఇరవై చోట్ల ఆ పేజీ ప్రతి ఉన్నప్పుడు, సర్వరులో ఎవరు ఏ ఫైలు మార్చినా తెరిచే రోజున ముద్ర కలవదు. సర్వరులో ఉండే లాగ్‌ల మీద ఆధారపడితే ఈ భరోసా రాదు. ఫైలును మార్చగలిగినవాడు లాగ్‌నూ మార్చగలడు. ముద్ర అమ్మేవాడి దగ్గర మాత్రమే ఉంటే అది కమిట్‌మెంట్ కాదు, అమ్మేవాడి మాట మాత్రమే.

కవరు ఆపలేనివి

గడువుకు ముందే నలుగురు వ్యాపారులు హోటల్లో కూర్చుని ఈ లాటు ఎవరికి, ఆ లాటు ఎవరికి అని పంచుకుంటే, తెలుగు నాట కాంట్రాక్టర్లు ‘రింగ్’ అయ్యారంటారే, ఆ పని జరిగితే, ఏ కమిట్‌మెంటూ ఏమీ చేయలేదు. వాళ్లు తమ అంకెలను తామే ఒకరికొకరు చెప్పుకున్నారు. కవర్లు నిక్కచ్చిగా మూసుకుంటాయి, నిక్కచ్చిగా తెరుచుకుంటాయి, ధర మాత్రం ముందే కుదిరిపోయింది. నిజానికి కట్టుబాటు గట్టిగా ఉండటం రింగుకు కొంత ఉపయోగపడుతుంది కూడా. తెరిచే రోజున అందరి ధరలూ బయటపడతాయి కాబట్టి, ఒప్పందం తప్పి ఎక్కువ వేసినవాడెవడో మిగతావాళ్లకు రుజువుతో సహా తెలిసిపోతుంది. ఓడిన బిడ్డుల ధరలను బయటపెట్టకుండానే విజేతను తేల్చే పద్ధతులు అందుకే పుట్టాయి. వాటికి పెడర్సన్ తరహా కవర్లే ముడిసరుకు.

కవరు లోపల పెట్టిన అంకె సరైనదా అన్నదీ దాని పరిధిలో లేదు. 612 అనేది నిపుణుడి అంచనా కావొచ్చు, చేయిజారి 512 బదులు పడిన అంకె కావొచ్చు. రెండింటినీ కవరు ఒకేలా పట్టి ఉంచుతుంది. కాగితం మీద అయితే తెరిచేముందు అధికారిని బతిమాలి దిద్దుకునే వీలు ఒక్కోసారి ఉండేది. ఇక్కడ ఆ వీలు లేదు, ఉండకూడదు కూడా. ఒకరికి దయతో తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే.

కాబట్టి టెండరు ప్రకటన చేతికొచ్చిన బిడ్డరు, అది వజ్రాలదైనా రోడ్డు పనులదైనా, చూసుకోవాల్సినవి కొన్నే. గడువుకు ముందు తన ధరను ఎవరైనా, అంటే అమ్మే సంస్థలోని వారైనా సరే, చూడగలరా? గడువు ముగియగానే తన కవరు ముద్రతో పాటు మిగతావారి ముద్రలు కూడా తనకు అందుతాయా? తెరవనివారి ధరావత్తు, తెరవకపోతే మిగిలే లాభం కంటే ఎక్కువగా ఉందా? మొదటి ప్రశ్నకు ‘లేదు’, తర్వాతి రెండింటికీ ‘అవును’ అని రాతపూర్వకంగా సమాధానం వస్తే ఆ సీలు లక్కది కాకపోయినా లక్క కంటే గట్టిది. రాకపోతే, వెబ్‌సైట్ ఎంత ఆధునికంగా కనిపించినా, బిడ్డరు తన ధరను ఎవరో ఒకరి నిజాయితీకి అప్పగిస్తున్నట్టే లెక్క.